గుండె గోడ 14 మిల్లీమీటర్లు

నాకు 27వ ఏట ఎడమ జఠరిక గోడ మామూలుకన్నా మందంగా ఉందని, అది హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతి అనే కండర వ్యాధి కావచ్చునని ధ్వని తరంగాలతో గుండెను చూసే ఎకో పరీక్ష రిపోర్టు ఒకటి చెప్పింది. యువ క్రీడాకారులు ఆటలోనే కుప్పకూలి మరణించడానికి ఉన్న ముఖ్య కారణాలలో అది ఒకటి. అయితే ఏళ్ల తరబడి కఠినమైన సాధన చేసినవారి గుండె కూడా పెద్దదవుతుంది, దాని గోడ కూడా కొంత మందమవుతుంది. అది వ్యాధి కాదు. నా గుండె ఈ రెంటిలో ఏ కోవకు చెందుతుందో తేలేలోపు వేసవి వచ్చి వెళ్లిపోయింది.

విజయవాడలో ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలో నేను చాలా ఏళ్లుగా కయాక్ నడుపుతున్నాను. ఒక ఉదయం వేగంగా చేసిన సాధన ముగించి, ఒడ్డుకు వచ్చి, పడవ పట్టుకుని నిలబడి ఉండగా కళ్లు చీకట్లు కమ్మి పడిపోయాను. దగ్గరలోని ఆసుపత్రిలో తీసిన ఇ.సి.జి.లో గుండె వేగం నిమిషానికి 43గా ఉంది, అలలు చాలా ఎత్తుగా ఉన్నాయి. ఎకోలో గోడ మందం 16 మిల్లీమీటర్లని రాశారు. పెద్దవాళ్లలో అది సాధారణంగా 11 దాటదు. సాధన పూర్తిగా మానేయమని, బహుశా జీవితాంతం మానవలసి ఉంటుందని అక్కడివారు చెప్పారు.

రెండో అభిప్రాయం కోసం సూర్యారావుపేటలో ఒక హృద్రోగ నిపుణుని దగ్గరకు వెళ్లాము. ఆయన రిపోర్టు తెరవకముందే రెండు ప్రశ్నలు వేశారు. "పడిపోయింది తెడ్డు వేస్తుండగానా, ఆపిన తరువాతా?" అన్నది మొదటిది. శ్రమ మధ్యలో స్పృహ తప్పితే ప్రమాదకరమైన లయ దోషాన్ని అనుమానించాలి; శ్రమ ఆపి నిలబడినప్పుడు తప్పితే చాలాసార్లు రక్తం కాళ్లలోకి దిగి, పీడనం పడిపోవడమే కారణం. రెండోది, ఏ ఆట అని. పరుగు తీసేవారిలో గోడ 13 మిల్లీమీటర్లకు చేరడం అరుదు. 1991లో పెలిచ్చియా బృందం ఇటలీలో 947 మంది అగ్రశ్రేణి క్రీడాకారులను పరీక్షించినప్పుడు 13 లేదా అంతకు మించిన మందం ఉన్నవారు రెండు శాతం కూడా లేరు, వారిలో దాదాపు అందరూ పడవలు నడిపేవారే. చేతులతో బలంగా లాగుతూ, అదే సమయంలో ఓర్పుతో చాలాసేపు సాగే ఆటలో గుండె మీద పీడనభారమూ రక్తభారమూ కలిసి పడతాయి. కాబట్టి నా ఆట నాకు కొంత అనుకూలమైన సాక్ష్యమే.

నిమిషానికి 43 అన్న అంకె గురించి అమ్మ చాలా భయపడింది. డాక్టరు గారు కాగితం మీద లెక్క వేసి చూపించారు. విశ్రాంతిలో శరీరానికి నిమిషానికి సుమారు 5 లీటర్ల రక్తం చాలు. మామూలు గుండె ఒక్కో స్పందనకు 70 మిల్లీలీటర్లు పంపితే 70 సార్లు కొట్టుకోవాలి. సాధనతో గుండె గది పెద్దదై ఒక్కో స్పందనకు 115 మిల్లీలీటర్లు పంపగలిగితే 43 సార్లు సరిపోతుంది. వేగం తగ్గడానికి వేగస్ నాడి ప్రభావం పెరగడమూ, గుండె లయను మొదలుపెట్టే కణుపులోనే వచ్చే మార్పులూ కారణమని వివరించి, మేడమెట్లు ఎక్కి రమ్మన్నారు. దిగివచ్చేసరికి వేగం చక్కగా పెరిగింది. వేగం పెరగకుండా మొరాయిస్తే ఆలోచించాలి గాని, తక్కువగా ఉండటం ఒక్కటే జబ్బు కాదన్నారు.

తరువాత ఎకో ఆయనే స్వయంగా తీశారు. ఈసారి గోడ 14 వచ్చింది. మొదటిసారి కొలత గీత కాస్త ఏటవాలుగా పడి, పక్కనే ఆనుకుని ఉన్న కుడి జఠరిక కండరపు పట్టీ కూడా లెక్కలో కలిసిపోయిందని తెర మీద చూపించారు. ఒకటి రెండు మిల్లీమీటర్ల మీద మనిషి భవిష్యత్తు ఆధారపడేచోట ఇంత చిన్న పొరపాటు ఎంత పెద్దదో నాకు అప్పుడు అర్థమైంది. అయినా 14 కూడా నిశ్చింత కలిగించే అంకె కాదు. 13 నుంచి 15 వరకు ఉన్న పురుషులలో రెండూ సాధ్యమే.

అందుకే ఆయన గోడకన్నా గది మీద ఎక్కువ దృష్టి పెట్టారు. వ్యాధిలో కండరం లోపలికి పెరిగి గది ఇరుకవుతుంది, చాలామందిలో 45 మిల్లీమీటర్లకు లోపే ఉంటుంది. సాధన వల్ల పెరిగిన గుండెలో గోడతో పాటు గదీ విశాలమవుతుంది. నాది 58. కండరం వదులై రక్తం నింపుకొనే వేగాన్ని డాప్లర్‌తో చూస్తే అది కూడా చక్కగా ఉంది. వ్యాధి ఉన్న కండరం బిరుసెక్కి నెమ్మదిగా వదులవుతుంది. ఇ.సి.జి.లో అలలు ఎత్తుగా ఉన్నా, ఎడమవైపు లీడ్లలో టీ అలలు తలకిందులు కాలేదు. అవి తలకిందులై ఉంటే ఇంత ధైర్యంగా మాట్లాడేవాడిని కాదని ఆయనే అన్నారు.

ఇక చిక్కంతా మా పెద్ద మేనమామ దగ్గర వచ్చింది. ఆయన 38 ఏళ్లకే నిద్రలో పోయారు, కారణం ఎవరికీ తెలియదు. ఈ వ్యాధి ఉన్నవారి సంతానంలో ఒక్కొక్కరికీ సగానికి సగం అవకాశం ఉంటుంది కాబట్టి అమ్మకూ తమ్ముడికీ ఎకో, ఇ.సి.జి. చేయించాము. "నాకేమీ లేదు, నా డబ్బులు దండగ" అని అమ్మ గొణిగినా వచ్చింది. ఇద్దరికీ మామూలుగానే ఉన్నాయి. జన్యువు ఉండి కూడా గోడ మందం కాని వారుంటారు కాబట్టి దానితో మేనమామ ప్రశ్న పూర్తిగా తీరలేదు. జన్యుపరీక్ష గురించి అడిగితే, వ్యాధి ఖాయంగా ఉన్నవారిలోనే చాలామందికి ఏ లోపమూ దొరకదని, నా విషయంలో ఏమీ దొరకకపోతే దాన్ని అభయంగా తీసుకోలేమని చెప్పి వాయిదా వేశారు.

గాడోలినియం మందు ఎక్కించి తీసిన ఎం.ఆర్.ఐ.లో కండరంలో మచ్చలు కనిపించలేదు, మందం ఒకచోట కుప్పపడకుండా సమంగా ఉంది. ఒంటికి తగిలించుకుని తిరుగుతుండగా గుండె లయను ఎడతెగకుండా నమోదు చేసే హోల్టర్‌లో ప్రమాదకరమైన లయ ఏదీ కనిపించలేదు. చివరి పరీక్షకు యంత్రం అవసరం లేదు: మూడు నెలలు సాధన పూర్తిగా మానాలి. సాధన వల్ల వచ్చిన మందమైతే తగ్గుతుంది, వ్యాధి అయితే సాధారణంగా తగ్గదు.

చెప్పడానికి తేలిక. మొదటి వారాల్లో నిద్ర పట్టలేదు, గుండె దడదడలాడుతున్నట్టు అనిపించేది, మెట్లెక్కితే కొత్తగా ఆయాసం వచ్చేది. ఆ ఆయాసాన్ని నేను వ్యాధి లక్షణమే అనుకున్నాను; సాధన ఆపితే రక్త పరిమాణం తగ్గి అలాగే ఉంటుందని తరువాత తెలిసింది. కోచ్ గారు ఫోన్ చేసి, "నడకకు కూడా వేగం పెంచకు, లేకపోతే ఈ మూడు నెలలూ వృథా" అని పదేపదే హెచ్చరించేవారు.

గడువు తరువాత అదే వైద్యుడు, అదే యంత్రం మీద కొలిస్తే గోడ 11 ఉంది. విశ్రాంతి వేగం 57కు చేరింది. గది మాత్రం 56 దగ్గరే ఆగింది, దీర్ఘకాలం సాధన చేసినవారిలో అది పూర్తిగా వెనక్కి రాకపోవచ్చు. అన్ని ఆధారాలూ ఒకే దిక్కు చూపాయి గనుకనే ఆయన నాకు అనుమతి ఇచ్చారు. మందం తగ్గడం ఒక్కటే ఉంటే ఇచ్చేవారు కాదు.

తొలి నెల తేలికపాటి తెడ్డుతో, మాట్లాడగలిగేంత శ్రమతోనే గడిపాను. ఇప్పుడు వేగపు సాధన ముగిశాక కదలకుండా నిలబడను, కాసేపు నెమ్మదిగా తెడ్డు వేసి, తరువాత గట్టు మీద నడుస్తాను. మేనమామ కారణంగా ఏడాదికొకసారి నాకూ తమ్ముడికీ ఎకో చేస్తున్నారు, ఎందుకంటే ఈ వ్యాధి కొందరిలో ఆలస్యంగా బయటపడుతుంది. సాధన మళ్లీ మొదలైన తరువాత నా గోడ 12కు, ఆపైన 13కు పెరిగింది. ఆ 13ను చూసినప్పుడు డాక్టరు గారు మొదట గది కొలత అడిగారు. అది 58 అని విని తరువాతి రోగిని పిలిచారు.