పన్నెండుంపావు దగ్గర గీసిన గీత

ఇరవై నాలుగు గంటల బీపీ రిపోర్టు నిన్న సాయంత్రం చేతికొచ్చింది. మొదటి పేజీ కిందిభాగంలో లావు అక్షరాల్లో 'నాన్ డిప్పర్' అన్న మాట కనబడింది. దాన్ని చూశాక మిగతా పేజీలు తిప్పబుద్ధి కాలేదు. రాత్రి నిద్రలో రక్తపోటు తగ్గవలసినంత తగ్గడం లేదని ఆ మాటకు అర్థం. మూత్రపిండాల జబ్బు, మధుమేహం, నిద్రలో ఊపిరి ఆగిపోయే సమస్య ఉన్నవారిలో ఇది తరచుగా కనిపిస్తుందని నాకు ముందే తెలుసు. అందుకే భయపడ్డాను.

ఈ రోజు ఉదయం నిదానంగా కూర్చుని, చివరి పేజీలో ఉన్న రీడింగుల పట్టిక తీశాను. అసలు సమాచారమంతా అక్కడే ఉంది. మొదటి పేజీలో ఉన్నవన్నీ దాని నుంచి లెక్కగట్టిన సగటులే.

యంత్రం పగలు ఇరవై నిమిషాలకోసారి, రాత్రి అరగంటకోసారి నా ఎడమ చేతి పట్టీని బిగించింది. మొత్తం 64 ప్రయత్నాల్లో 60 సరిగా నమోదయ్యాయి. కనీసం నూటికి డెబ్బై రీడింగులైనా దక్కకపోతే రిపోర్టును నమ్మకూడదంటారు. ఆ విషయంలో నాకు ఇబ్బంది లేదు. పై అంకె పగటి సగటు 134, రాత్రి సగటు 124 అని వేశారు. పగటి సగటులోంచి రాత్రి సగటు తీసేసి, వచ్చిన తేడా పగటి సగటులో ఎన్నో వంతో చూస్తారు. 134లోంచి 124 పోతే 10. అది 134లో ఏడున్నర శాతం. తగ్గుదల పది నుంచి ఇరవై శాతం మధ్య ఉంటే మామూలుగా ఉన్నట్టు. పదికి లోపైతే నాన్ డిప్పర్. లెక్కలో తప్పేమీ లేదు.

అయితే ఏది పగలు, ఏది రాత్రి అన్నది ఎవరు నిర్ణయించారు? పట్టిక మధ్యలో ఒక సన్నని అడ్డగీత ఉంది. దాని పక్కన 22:00 అని అచ్చయింది. కింద ఇంకో గీత, 06:00 అని. అంటే రాత్రి పదింటి నుంచి పొద్దున ఆరింటి దాకా నేను నిద్రపోయానని సాఫ్ట్‌వేర్ తనంతట తానే అనుకుంది. ఆ రోజు నేను పన్నెండుంపావు దాకా బల్ల ముందు కూర్చుని పని చేశాను. యంత్రం కట్టినప్పుడు ఇచ్చిన కాగితంలో పడుకున్న వేళ, లేచిన వేళ, మందు వేసుకున్న వేళ నా చేత్తోనే రాశాను. ఆ కాగితం ఫైలులోనే ఉంది. దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

పెన్సిల్ పట్టుకుని 'రాత్రి' కింద ఉన్న రీడింగులను ఒక్కొక్కటే రాసుకున్నాను. పదింటికి 138, పదిన్నరకు 134, పదకొండుకు 136, పదకొండున్నరకు 132, పన్నెండుకు 130. ఈ అయిదూ నేను మెలకువగా ఉన్నప్పటివి. ఆ తరువాతి అంకెల తీరే వేరు: 122, 118, 116, 114. రెండున్నర దగ్గర అంకెకు బదులు ఒక లోపం గుర్తు ఉంది. మూడింటికి 112. మూడున్నరకు ఒక్కసారిగా 134. నా కాగితంలో 3:25 పక్కన 'బాత్రూము' అని ఉంది. మళ్ళీ 118, 116, 118, చివరగా అయిదున్నరకు 122. అయిదూ ముప్పావుకు లేచాను.

నిద్రలోని ఈ పది రీడింగులనూ కూడితే 1190. సగటు 119. మెలకువగా ఉన్న ఆ అయిదింటినీ పగటిలో కలిపితే పగటి సగటు మారలేదు, 134గానే ఉంది. తేడా 15, అంటే పదకొండు శాతం పైచిలుకు. గీత పదింటి దగ్గర కాకుండా పన్నెండుంపావు దగ్గర గీస్తే నేను డిప్పర్‌నే. రాత్రి సగటు 120కి చేరితే ఎక్కువ అంటారు. 124తో ఆ హద్దు దాటినవాణ్ణి 119తో దాని కిందకు వచ్చాను.

మూడున్నర నాటి 134ను కూడా కొట్టేద్దామనిపించింది. అది తీసేస్తే సగటు 117 అవుతుంది. పెన్సిల్ దాని మీదికి వెళ్ళి ఆగిపోయింది. పదకొండింటి రీడింగు నిద్రలోనిది కాదు కాబట్టి పక్కకు జరిపాను. మూడున్నరది మాత్రం నా రాత్రిలోని భాగమే. నచ్చని అంకెలన్నీ ఏరిపారేస్తూ పోతే రిపోర్టులో మిగిలేది నా కోరికే తప్ప నా రక్తపోటు కాదు.

మధ్యాహ్నం డాక్టర్ గారి దగ్గరికి రెండు కాగితాలూ పట్టుకెళ్ళాను. ఆయన శ్రద్ధగా చూసి, ఇలా వేళలు సరిచేయడమే సరైన పద్ధతి అన్నారు. రాత్రి షిఫ్టులో పనిచేసేవారి రిపోర్టుల్లో ఇదే పొరపాటు పూర్తిగా తలకిందులైన ఫలితం ఇస్తుందట. పగలు నిద్రపోయిన మనిషికి రాత్రే బీపీ పెరిగినట్టు చూపిస్తుందన్నారు.

తరువాత ఆయన అడిగిన ప్రశ్న నేను ఊహించలేదు. "ఏ పక్కకు తిరిగి పడుకుంటారు?"

"కుడి పక్కకండీ."

"పట్టీ ఎడమ చేతికి కదా?"

కుడి పక్కకు ఒత్తిగిలితే ఎడమ చెయ్యి పైకి వస్తుంది, గుండె కంటే ఎత్తులో ఉంటుంది. పట్టీ గుండె కంటే పది సెంటీమీటర్లు పైనుంటే అంకె ఏడెనిమిది పాయింట్లు తక్కువగా రావచ్చు. అంటే నాకు ఊరటనిచ్చిన ఆ 114, 112లలో కొంత నిద్ర వల్ల వచ్చింది కాకపోవచ్చు, చెయ్యి ఎత్తు వల్ల వచ్చింది కావచ్చు. మరోవైపు అరగంటకోసారి పట్టీ బిగిసి నిద్ర చెడగొడితే అంకెలు పెరగనూ వచ్చు. ఇన్నింటి మధ్య, ఒక్క రాత్రి చూసి డిప్పర్ అనో నాన్ డిప్పర్ అనో ముద్ర వేయడం తనకు ఇష్టం లేదన్నారాయన. అదే మనిషికి ఇంకో రోజు చేస్తే గుంపు మారిపోవడం మామూలేనట.

ఆయన వేలు పెట్టి చూపించింది మొదటి పేజీలోని వేరే అంకెను. ఇరవై నాలుగు గంటల సగటు 132. అరవై రీడింగులూ కలిపి వచ్చిన సగటు అది, సరిగ్గా 131.5. గీతను ఎక్కడ గీసినా అది కదలదు. ఆస్పత్రిలో కూర్చోబెట్టి చూసే బీపీకి 140 హద్దు. ఈ పరీక్షలో రోజు మొత్తానికి హద్దు 130, పగటికి 135. పగలు 134, రాత్రి 119 అని విడివిడిగా చూసి సంబరపడ్డాను. మొత్తం సగటు మాత్రం హద్దుకు కాస్త పైనే ఉంది. పొద్దుటి నుంచి రాత్రి మీదే దృష్టి పెట్టి ఆ అంకెను నేను సరిగా చూడనే లేదు.

మందు మార్చలేదు. ఉప్పు తగ్గించమన్నారు, రెండు నెలల తరువాత ఇదే పరీక్ష మళ్ళీ చేద్దామన్నారు. ఈసారి నేను రాసిచ్చిన వేళలు సాఫ్ట్‌వేర్‌లో నమోదయ్యాకే రిపోర్టు ముద్రించమని అక్కడి ఉద్యోగికి చీటీ రాసి, నా ఫైలుకు గుచ్చారు. గురక పెడతానా, పగలు కునుకు వస్తుందా అని కూడా అడిగి రాసుకున్నారు. గురక సంగతి ఇంట్లో అడిగి చెప్పాలి.

ఎడమ చేతి మీద పట్టీ అంచు ఒత్తుకుపోయిన ఎర్రటి చార ఇంకా పోలేదు. ఇప్పుడు సమయం పదిన్నర. పడుకుంటున్నాను.