ఇంటర్‌లూడ్‌లో ఫ్లూటు మాయమైతే ఏం చేయాలి: కరోకే ట్రాక్‌తో నా అనుభవం

మా అపార్ట్‌మెంట్ తెలుగువాళ్ల ఉగాది కార్యక్రమంలో నేను పాత మోనో పాట ఒకటి పాడాలి. దానికి కరోకే ట్రాక్ ఎక్కడా దొరకలేదు. ఇక్కడ బెంగళూరులోనే ఒక స్టూడియోలో డబ్బులిచ్చి గొంతు తీయించాను. ఇయర్‌ఫోన్స్‌లో బాగానే అనిపించింది. నిన్న క్లబ్‌హౌస్‌లో పెద్ద స్పీకర్ల మీద రిహార్సల్ పెట్టారు. రెండో ఇంటర్‌లూడ్‌లో ఫ్లూటు తెగి తెగి వచ్చి, మధ్యలో పూర్తిగా ఆగిపోయింది. దాని చివరి స్వరం అందుకుని నేను చరణం ఎత్తుకోవాలి. ఎత్తుకోలేకపోయాను. ముందు వరసలో కూర్చున్న పెద్దాయన అందరి ముందే "అబ్బాయీ, ఆ ఫ్లూటు ఏమైంది?" అని అడిగారు. తల కొట్టేసినట్టయింది. స్టూడియో అతనికి ఫోన్ చేస్తే "సాఫ్ట్‌వేర్ ఇంతే ఇస్తుంది సార్, ఏ పాటకైనా ఇంతే" అని పెట్టేశాడు.

ఆ కోపంతోనే రాత్రి కూర్చుని సొంతంగా చేశాను. పాటలో గొంతును, సంగీతాన్ని విడదీసే డెమక్స్ అనే ఉచిత ప్రోగ్రామ్ ఉంది. ముందు పాటను వావ్ ఫైలుగా మార్చుకుని, తర్వాత దానికివ్వాలి:

```
ffmpeg -i paata.mp3 paata.wav
demucs --two-stems=vocals paata.wav
```

మామూలు ల్యాప్‌టాప్‌లో కూడా పాట నిడివికి ఒకటిన్నర రెట్లు సమయం పడుతుంది, అంతే. గొంతు ఒక్కటే ఉండే `vocals.wav`, మిగతా సంగీతం ఉండే `no_vocals.wav` అని రెండు ఫైళ్లు వస్తాయి. స్టూడియోలో తీసుకున్న డబ్బు ఈ రెండు లైన్లకేనని అప్పుడు తెలిసింది.

నా ట్రాక్‌లోనూ ఫ్లూటు అక్కడే తెగింది. కారణం తెలియాలంటే `no_vocals.wav` వింటే లాభం లేదు, `vocals.wav` వినాలి. అసలు పాటలో ఇంటర్‌లూడ్‌లో ఎవరూ పాడరు కాబట్టి ఆ చోట ఈ ఫైల్లో నిశ్శబ్దం ఉండాలి. నేను విన్నప్పుడు తప్పిపోయిన ఫ్లూటు అక్కడ స్పష్టంగా మోగుతోంది! గమకంతో స్వరం నుంచి స్వరానికి జారినప్పుడల్లా ప్రోగ్రామ్ దాన్ని మనిషి గొంతనుకుని అటు లాగేసింది. స్వరం మీద నిలకడగా ఆగినప్పుడు వదిలేసింది. అందుకే ముక్కలు ముక్కలుగా వినిపించింది. డెమక్స్‌కు నేర్పిన పాటల్లో MUSDB18 అనే 150 పాటల సంకలనంలోవి ఉన్నాయి. అవి చాలావరకు పాశ్చాత్య పాప్, రాక్. మన ఫ్లూటు, వయొలిన్ గొంతులా పలికే తీరు దానికి పెద్దగా పరిచయం లేదు.

మరి ఎవరూ పాడని చోట గొంతు తీయాల్సిన పనేముంది? అక్కడ అసలు పాటే పెట్టేయొచ్చు కదా! ఆడాసిటీ అనే ఆడియో ఎడిటర్‌లో పైన `paata.wav`, కింద `no_vocals.wav` పెట్టాను. రెండూ ఒకే వావ్ నుంచి వచ్చినవి కాబట్టి తాళం ఒక్క పిసరు కూడా తప్పదు. డెమక్స్‌కు ఇచ్చిన ఫైలునే పైన పెట్టాలి. వేరేచోట దించుకున్న కాపీ పెడితే ఆరంభంలో కొద్దిపాటి ఖాళీ తేడా వల్ల అతుకు దగ్గర దరువు రెండుసార్లు పడుతుంది. ఇంటర్‌లూడ్‌లున్న చోట పైదాన్ని ఉంచి, గొంతు ఉన్న చోట కిందిదాన్ని ఉంచి, అతుకుల దగ్గర ఒకటి తగ్గుతూ ఇంకొకటి పెరిగేలా క్రాస్‌ఫేడ్ ఇచ్చాను.

ఒక్క చోట మాత్రం ఓపిక పట్టాలి. పల్లవి చివరి మాట అయిపోయినా దాని ప్రతిధ్వని కాసేపు ఉంటుంది. మాట ఆగీ ఆగగానే అసలు పాటకు మారితే గాయకుడి గొంతు తోక వినిపించి, వెనక ఎవరో పాడుతున్నట్టుంటుంది. ఆ తోక అణిగిపోయాక, తబలా దెబ్బ పడే చోట మారాను. దెబ్బ కింద అతుకు కనబడదు.

కోరస్ హమ్మింగ్ కూడా గొంతే కాబట్టి డెమక్స్ తీసేస్తుంది. అది ఒంటరిగా వచ్చే చోట ఇదే పద్ధతిలో తిరిగి పెట్టొచ్చు. గాయకుడి మీదుగా కోరస్ నడిచే చోట ఈ పద్ధతి పనిచేయదు. ఈ పాటలో రెండో చరణం ఆఖరి పాదంలో ఫ్లూటు గొంతును అనుసరిస్తూ అవే స్వరాలు పలుకుతుంది. అక్కడ ఎంత ప్రయత్నించినా ఫ్లూటు విడిగా రాలేదు. రెండూ ఒకే చోట, ఒకే శ్రుతిలో, మోనోలో కలిసిపోయి ఉన్నాయి. ఆ ఒక్క పాదం తబలా, బేస్ మీదే పాడుకోవాలి. ఇంట్లో సాధనకైతే `vocals.wav`ను బాగా తగ్గించి అక్కడ కలుపుకున్నాను, ఎత్తుగడ తెలుస్తోంది.

స్టూడియోకి డబ్బులిచ్చేవాళ్లు ట్రాక్‌తో పాటు విడదీసిన గొంతు ఫైలు కూడా అడిగి తీసుకోండి. ఇవ్వనంటే అక్కడినుంచి లేచి వచ్చేయండి. ఇస్తే, డబ్బు చేతిలో పెట్టేముందు ఇంటర్‌లూడ్ దగ్గర వినండి.