బడ్జెట్‌లో కనిపించని ఖర్చు: పన్ను మినహాయింపుల టాపిక్‌ను నేను చదివిన పద్ధతి

గ్రూప్-1 మెయిన్స్ ఎకానమీకైనా, యూపీఎస్సీ జీఎస్-3కైనా బడ్జెట్ చాప్టర్ చదివేటప్పుడు సబ్సిడీల మీద గంటలు పెడతాం, పన్ను మినహాయింపులను మాత్రం రెండు లైన్లలో దాటేస్తాం. నేను ఈ టాపిక్‌ను వదలకుండా పట్టుకోవడానికి కారణం ఉంది. ద్రవ్యలోటు, పన్నుల్లో న్యాయం, పార్లమెంటు నియంత్రణ మూడూ ఇక్కడ ఒకేచోట కలుస్తాయి.

అసలు వాదన 1967లో మొదలైంది. అమెరికా ట్రెజరీలో పన్ను విధానం చూసిన స్టాన్లీ సర్రే, మినహాయింపులను కూడా ఖర్చుగానే లెక్కించాలన్నారు. ఒకరికి వంద రూపాయలు చేతికిచ్చినా, అతను కట్టాల్సిన పన్నులో వంద వదిలేసినా ఖజానాకు పడే బొక్క ఒకటే. వీటినే టాక్స్ ఎక్స్‌పెండిచర్స్ అంటారు. మన కేంద్ర బడ్జెట్‌లో 2006-07 నుంచి ఈ వివరాలు ఇస్తున్నారు. indiabudget.gov.in లో రిసీట్ బడ్జెట్ తెరిచి, చివర్లో ఉండే అనుబంధాల్లో పన్ను ప్రోత్సాహకాల రెవెన్యూ ప్రభావం పట్టిక వెతకండి. కోచింగ్ నోట్స్ కంటే ముందు ఆ పట్టిక, దాని కింద రాసిన షరతులు చదవండి.

కాన్సెప్ట్ నాకు బాగా పట్టుబడింది 80సి లెక్క వేసినప్పుడే. పాత పన్ను విధానంలో ముగ్గురు ఉద్యోగులను తీసుకోండి. 80సి వాడకముందు వాళ్ల పన్ను లెక్కకొచ్చే ఆదాయం 12 లక్షలు, 8 లక్షలు, 4.5 లక్షలు. ముగ్గురూ పీపీఎఫ్‌లో లక్షన్నర వేశారు. మొదటి వ్యక్తి 30 శాతం స్లాబులో ఉన్నాడు కాబట్టి అతనికి 45,000 మిగులుతుంది. రెండో వ్యక్తికి 20 శాతం చొప్పున 30,000. మూడో వ్యక్తికి 5 లక్షల లోపు రిబేటు వల్ల పన్నే లేదు, కాబట్టి మిగిలేదీ ఏమీ లేదు. (సెస్సు కలపలేదు.)

ఇప్పుడు దీన్నే ఒక పథకంగా రాసి చూడండి: "పొదుపు చేసేవారికి ప్రభుత్వ సాయం. 12 లక్షల ఆదాయం ఉంటే 45,000, 8 లక్షలుంటే 30,000, 4.5 లక్షలుంటే సున్నా." ఇలాంటి పథకాన్ని సభలో పెట్టే ధైర్యం ఏ మంత్రికైనా ఉంటుందా? సర్రే వాదనలో పదును ఇదే. సబ్సిడీకి ఏటా గ్రాంట్ల డిమాండు పెట్టి, 113వ అధికరణ ప్రకారం లోక్‌సభ ఆమోదం తీసుకోవాలి. మినహాయింపు అలా కాదు, ఒకసారి చట్టంలోకి ఎక్కితే తీసేసేదాకా నడుస్తూనే ఉంటుంది. 80సి పరిమితిని 2014లో లక్షన్నరకు పెంచాక ఏటా కొత్తగా ఓటింగ్ అవసరం రాలేదు. దాచిన ఖర్చు అని కొందరు ఆర్థికవేత్తలు అనేది అందుకే. ఆన్సర్‌లో ఈ పాయింట్ ఒక్కటి ఉదాహరణతో రాస్తే చాలు, నాలుగు నిర్వచనాలు అక్కర్లేదు.

అవతలి వాదన కూడా బలమైనదే. మినహాయింపు అనాలంటే ముందు మామూలు పన్ను ఎంతో తేల్చాలి, ఆ గీత ఎక్కడ గీయాలన్నదే గొడవ. ప్రిలిమ్స్‌లో తడబడే అవకాశం ఉన్నదీ ఇక్కడే. 2019 సెప్టెంబరులో కంపెనీల పన్ను తగ్గించినప్పుడు ఆ చర్యల వల్ల ఏటా 1.45 లక్షల కోట్ల రాబడి వదులుకుంటున్నట్టు ప్రభుత్వం చెప్పింది. ఏ మినహాయింపులూ తీసుకోని కంపెనీలకు రేటునే 22 శాతానికి దించడం అందులో ప్రధాన భాగం. అది ఒక వర్గానికి ఇచ్చిన ప్రత్యేక రాయితీ కాదు, గీతనే కిందికి జరపడం. సాధారణ రేటు తగ్గింపును టాక్స్ ఎక్స్‌పెండిచర్‌గా లెక్కించరు.

ఇంకో జాగ్రత్త కూడిక విషయంలో. 80సి కింద లక్షన్నర, ఎన్‌పీఎస్‌కు అదనంగా 50 వేలు తగ్గించాక ఒకరి ఆదాయం 9 లక్షలు అనుకోండి. 80సి ఒక్కటే తీసేస్తే ఆదాయం 10.5 లక్షలవుతుంది, పన్ను 35,000 పెరుగుతుంది. ఎన్‌పీఎస్ ఒక్కటే తీసేస్తే 10,000. రెండూ కలిపితే 45,000. కానీ రెండూ ఒకేసారి తీసేస్తే ఆదాయం 11 లక్షలకు చేరి, పెరిగే పన్ను 50,000 అవుతుంది, ఎందుకంటే 10 లక్షలు దాటిన లక్ష మొత్తం 30 శాతం స్లాబులో పడుతుంది. పైగా మినహాయింపు పోతే జనం డబ్బును వేరే చోటికి మళ్లిస్తారు. పట్టికలోని అంచనాలు ఆ మార్పును లెక్కలోకి తీసుకోవు. అందుకే నేను ఆన్సర్‌లో పట్టిక మొత్తాన్ని కూడి "ఇంత డబ్బు ప్రభుత్వానికి వచ్చేది" అని రాయను. ఒక్క అంశం అంకె తీసుకుని, జనం ప్రవర్తన మారదన్న షరతు మీద వేసిన అంచనా అని పక్కనే రాస్తాను.