గోడలో మునిగిపోయిన డైవర్టర్: కడపలో బాత్రూమ్ కట్టించిన నా అనుభవం

ఎర్రముక్కపల్లిలో ఇల్లు కట్టిస్తున్నాం. నీళ్లను షవర్‌కో కొళాయికో మళ్లించే డైవర్టర్ బిగింపు నిన్నటికి పూర్తయింది. కోపం ఇంకా చల్లారలేదు కాబట్టి రాసేస్తున్నా.

మోడల్ ఎంచుకోవడం కష్టం కాలేదు. గోడలోపల దాగి ఉండే కన్సీల్డ్ డైవర్టర్లలో ఫోర్ వే అంటే వేడినీళ్లకు, చన్నీళ్లకు రెండు దారులు లోపలికి, రెండు బయటికి. దానికి పైన ఓవర్‌హెడ్ షవర్, కింద హ్యాండ్ షవర్ కలిపేస్తే బకెట్ కింద పెట్టే కొళాయికి చోటుండదు. మా అమ్మ బకెట్, చెంబు లేకుండా స్నానం చేయదు. అందుకే బయటికి మూడు దారులుండే ఫైవ్ వే తీసుకున్నాం. గోడ లోపలి బాడీ ఒక పెట్టెలో, పైన కనిపించే హ్యాండిల్, ప్లేటు వేరే పెట్టెలో వస్తాయి. ఒక కంపెనీ బాడీకి ఇంకో కంపెనీ పైభాగం పట్టదు. రెండూ ఒకేసారి కొని, పై పెట్టెను బీరువాలో దాచాను.

పైపులు వేశారు, గీజర్ లైను ఎడమకు ఇచ్చారు, ప్రెజర్ టెస్ట్‌లో ఎక్కడా కారలేదు. ప్లాస్టరింగ్ అయింది, టైల్స్ అయ్యాయి. చివర్లో ప్లంబర్ ప్లేటు పెట్టి చూస్తే, హ్యాండిల్ తగిలించాల్సిన కడ్డీ, అదే స్పిండిల్, హ్యాండిల్‌కు అందడం లేదు. స్పిండిల్ గుంతలో ఎక్కడో లోపల ఉంది. "టైల్ పగలగొట్టాల్సిందే సార్" అన్నాడు, ఆ టైల్ తనది కానట్టు.

బాడీ మీద ప్లాస్టిక్ మూత ఒకటి వస్తుంది. దాని మీద రెండు గీతలుంటాయి, ఒకటి మినిమమ్, ఒకటి మ్యాక్సిమమ్. టైల్స్ అంతా అయ్యాక టైల్ పైభాగం ఆ రెండింటి మధ్యకు రావాలి. మా మోడల్‌లో వాటి మధ్య దూరం 20 మిల్లీమీటర్లు. మా ప్లంబర్ ఏం చేశాడంటే, మినిమమ్ గీతను వట్టి ఇటుక గోడకు సమానంగా పెట్టి సిమెంటు కొట్టేశాడు. ఆ తర్వాత ప్లాస్టరింగ్ 12, టైల్ కింద మాల్ 20, టైల్ 9. మొత్తం 41 మిల్లీమీటర్లు. అంటే మ్యాక్సిమమ్ గీత దాటి ఇంకో 21 లోపలికి పోయింది.

అడిగితే ప్లంబర్ టైల్స్ మేస్త్రీని చూపించాడు, మాల్ మందం వేశాడని. మేస్త్రీ గోడ కట్టినవాణ్ని చూపించాడు, గోడ నిలువు తప్పిందని, సరిచేయడానికే మాల్ పెంచానని. గోడ కట్టినవాడు ఫోన్ ఎత్తలేదు. ముగ్గురికీ కూలి మాత్రం ముందే ముట్టింది. పని చూడకుండా చివరి వాయిదా ఇవ్వకండి, ఎంత బతిమాలినా.

బాడీ కొన్న షాపుకే వెళ్లాను. ఫోన్‌లో ఫొటో చూపించగానే కౌంటర్ మీద కుర్రాడు అందరికీ వినిపించేలా, "ఏం సార్, బాడీని గోడలో పెట్టినారా, సమాధి కట్టినారా?" అన్నాడు. అక్కడున్న నలుగురూ నవ్వారు. అమ్మేటప్పుడు ఆ రెండు గీతల సంగతి ఒక్క మాట చెప్పని మనిషి, ఇప్పుడు జోకులు వేస్తున్నాడు! ఇంకో బాడీ కొనమన్నాడు. నేను కదల్లేదు. పెట్టెలోని కాగితం మీద కంపెనీ కస్టమర్ కేర్ నంబరు ఉంటే అక్కడే నిలబడి ఫోన్ చేశాను. ఆ మోడల్‌కు 25 మిల్లీమీటర్ల ఎక్స్‌టెన్షన్ కిట్ ఉందట. స్పిండిల్‌ను, నాబ్ కడ్డీని పొడిగించే ముక్కలు, పొడవాటి స్లీవ్, పొడవాటి స్క్రూలు అందులో వస్తాయి. ఫోన్ స్పీకర్లో పెట్టి కుర్రాడికి వినిపించాను. నవ్వు ఆగింది. కిట్ ఆర్డర్ పెట్టాడు.

21కి 25 కాబట్టి 4 మిల్లీమీటర్ల వెసులుబాటుతో సరిపోయింది. టైల్ పగలలేదు. ఇంకాస్త లోతు పోయి ఉంటే ఆ కిట్ కూడా పనికొచ్చేది కాదు, గోడ తవ్వాల్సిందే. అన్ని మోడళ్లకూ కిట్ ఉండదు కూడా, కొనేముందే అడగండి. బిగించే ముందు నీళ్లు వదిలి పైపుల్లోని ఇసుక కడిగించాను. బాడీలో నీళ్లను తెరిచి మూసే కార్ట్రిడ్జ్‌లో ఇసుక రేణువు ఇరుక్కుంటే కొత్త డైవర్టర్ కూడా చుక్కలు కారుస్తుంది.

పై అంతస్తు బాత్రూమ్‌కు ఇంకా ప్లాస్టరింగ్ కాలేదు. ఈసారి ప్లంబర్ సిమెంటు కలపకముందే గోడకు దారం కట్టించి, ప్లాస్టరింగ్, మాల్, టైల్ మందాలకు సరిపడా చెక్కముక్కలు పెట్టి, వాటి మీద ఒక టైల్ ముక్క ఆనించి చూపించాను. టైల్ పైభాగం రెండు గీతల నడుమకు వచ్చేదాకా బాడీని బయటికి జరిపించాను. సణుగుతూనే జరిపాడు.