మా ప్రాజెక్ట్‌లో ఎక్కువొచ్చిన 9 డిగ్రీలు

సంచికకి ఏదైనా రాయమంటే అందరూ హాస్టల్ సాంబారు గురించే రాస్తారని నాకు తెలుసు, కాబట్టి నేను ఫైనల్ ఇయర్‌లో మూడు వారాలు మా ప్రాణం తీసిన 9 డిగ్రీల గురించి రాస్తాను. నా ప్రాజెక్ట్ పార్ట్‌నర్ మీ అందరికీ 'నెల్లూరు'గానే గుర్తుంటాడు, ఇక్కడా అదే పేరు ఉంచుతున్నా.

ల్యాబ్ ఫర్నేస్ వేడిని కె-టైప్ థర్మోకపుల్‌తో చదివి ఎల్‌సీడీ మీద చూపించాలి, ఇంతే ప్రాజెక్ట్. రెండు వేరు వేరు లోహపు తీగలు, కొన కలిపి ఉంటాయి, కొన వేడెక్కితే రెండో చివర కొద్దిగా వోల్టేజ్ వస్తుంది, డిగ్రీకి దాదాపు 41 మైక్రోవోల్టులు. మేం మొదట్లో పట్టించుకోనిది ఏంటంటే, ఆ వోల్టేజ్ కొన వేడిని బట్టి కాదు, కొనకీ మన బోర్డు మీద స్క్రూ టెర్మినల్‌కీ ఉన్న తేడాని బట్టి వస్తుంది. పుస్తకంలో టేబుల్ ఉంటుంది కదా, అది ఆ రెండో చివర, అంటే కోల్డ్ జంక్షన్, సున్నా డిగ్రీల దగ్గర ఉందనుకుని రాసింది. చెన్నైలో మన ల్యాబ్ ఎప్పుడైనా సున్నా చూసిందా? టెర్మినల్ దగ్గర 32 ఉండేది, అందుకే మరిగే నీళ్లలో కొన ముంచితే 2.81 మిల్లీవోల్టులే వచ్చేవి, టేబుల్‌లో చూస్తే 69 డిగ్రీలు. మరుగుతున్న నీళ్లు 69 ఏంటిరా అని నెల్లూరు వేలు పెట్టబోయాడు, నేనే ఆపాను.

ముందు ఆంప్లిఫయర్ గొడవ. స్టోర్ రూమ్‌లో ఊరికే దొరికింది కదా అని 741 పెట్టి వంద రెట్ల గెయిన్ ఇచ్చాం. ఇన్‌పుట్ రెండు పిన్నులూ కలిపేసినా అవుట్‌పుట్‌లో 0.2 వోల్టులు నిలబడ్డాయి. అంటే ఇన్‌పుట్ దగ్గర 2 మిల్లీవోల్టుల ఆఫ్‌సెట్, మన లెక్కలో దాదాపు 49 డిగ్రీలు! ప్రీసెట్ తిప్పి సున్నా చేస్తే ఐసీ వేడెక్కేసరికి మళ్లీ కదిలేది. చివరికి రిచీ స్ట్రీట్‌కి వెళ్లి ఓపీ07 కొన్నాం, అది అదే 8 పిన్నుల సాకెట్‌లో కూర్చుంది, ఆఫ్‌సెట్ మూడు నాలుగు డిగ్రీలకి మించని స్థాయికి వచ్చింది, ఆ కాస్తా ప్రీసెట్‌తో పోయింది.

తర్వాత టెర్మినల్ వేడి తెలియడానికి ఎల్‌ఎం35 పెట్టాం. ఇక్కడ ఇంకో మాట: డిగ్రీలకి డిగ్రీలు కలపకూడదు, ఎందుకంటే కె-టైప్ గీత పూర్తిగా సూటిగా ఉండదు. 32 డిగ్రీలకి టేబుల్‌లో ఉన్న 1.285 మిల్లీవోల్టుల్ని 2.81కి కలిపి, వచ్చిన 4.096ని మళ్లీ టేబుల్‌లో వెతకాలి, అప్పుడు సరిగ్గా 100 వస్తుంది. కాగితం మీద వచ్చింది. ఎల్‌సీడీ మీద 109 వచ్చింది.

కోడ్ మొత్తం రెండుసార్లు తిరగరాశాం. వోల్టేజ్‌ని అంకెలుగా మార్చే కన్వర్టర్ మీద కూడా అనుమానపడ్డాం, కానీ 10 బిట్లు, 5 వోల్టులు అంటే ఒక మెట్టు 4.88 మిల్లీవోల్టులు, గెయిన్ వందతో భాగిస్తే డిగ్రీ పైచిలుకు, అది 9 డిగ్రీలు తినే అవకాశమే లేదు. అప్పుడు ల్యాబ్‌లో పనిచేసే పెద్దాయన వచ్చి, "తంబీ, థర్మోకపుల్ పీకేసి టెర్మినల్ రెండింటికీ ఒక రాగి ముక్క బిగించు, ఎంత చూపిస్తుందో చూడు" అన్నాడు. బిగించాం. 41 అని చూపించింది! తేడా సున్నా అయినప్పుడు డిస్‌ప్లే టెర్మినల్ వేడినే చూపాలి, అక్కడ థర్మామీటర్ పెడితే 32 ఉంది. అంటే థర్మోకపుల్‌కీ, ఆంప్లిఫయర్‌కీ ఏ దోషమూ లేదు, ఎల్‌ఎం35 ఇంకెక్కడి వేడో చదువుతోంది.

ఎక్కడిదో తెలుసుకోవడానికి వేలు చాలింది. బోర్డు చిన్నగా ఉండాలని ఎల్‌ఎం35ని 7805 రెగ్యులేటర్ పక్కన సోల్డర్ చేశాం, అది 12 వోల్టుల్ని 5 చేస్తూ, ఎల్‌సీడీ వెలుగుకి కూడా కరెంట్ ఇస్తూ చురుక్కుమంటోంది. 41కి టేబుల్‌లో 1.653, దానికి 2.81 కలిపితే 4.46, అంటే 109. లెక్క అక్షరం పొల్లుపోలేదు.

ఎల్‌ఎం35ని తీగలతో బయటికి లాగి టెర్మినల్ బ్లాక్‌కి ఆనించి ఎం-సీల్‌తో అతికించాం, రెగ్యులేటర్‌ని బోర్డు ఆ చివరకి తరిమేశాం. రాగి ముక్కతో 32, మరిగే నీళ్లలో 99, 100 మధ్య ఊగింది, ఆ ఊగడం కన్వర్టర్ మెట్టుది. టేబుల్ ఫ్యాన్ గాలి సరిగ్గా టెర్మినల్ మీదకి వస్తే మాత్రం ఒకటి రెండు డిగ్రీలు తప్పేది, దానికి పైన ఒక ప్లాస్టిక్ డబ్బా మూత బోర్లించాం. వైవాలో అందరూ ఆ మూత గురించే అడిగారు.

ఇప్పుడు బెంగళూరులో ఇదే పని చేస్తున్నా. మొన్న కొత్తగా చేరిన కుర్రాడు మరిగే నీళ్లలో పెట్టి, "అన్నా, 97 చూపిస్తోంది, కోల్డ్ జంక్షన్ తప్పిందేమో" అన్నాడు. రాగి ముక్క బిగించమన్నా. గది వేడే చూపించింది. సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల పైన ఉన్నాం కదా, ఇక్కడ నీళ్లు అక్కడే మరుగుతాయి.