అజ్ఞాతంగా ఇచ్చిన రేటింగ్‌లో నేను దొరికిపోయిన తీరు

మా మేనేజర్‌కు కింది ఉద్యోగులు రేటింగ్ ఇచ్చే ప్రక్రియ ఈ ఏడాది నిన్ననే ముగిసింది. లింకు నొక్కి పన్నెండు ప్రశ్నలకు అంకెలు ఎంచుకోవడం పది నిమిషాల పని. నా బాధంతా నిరుటి అనుభవం గురించే.

మా బృందంలో ఆరుగురం. ఐదుగురు హైదరాబాదులో, నేనొక్కదాన్ని విశాఖపట్నంలో పనిచేస్తాం. కనీసం ఐదుగురు స్పందిస్తేనే నివేదిక ఇస్తామని హెచ్‌ఆర్ వారు చెప్పడంతో, "మేనేజర్ నా మాట వింటారు" అన్న ప్రశ్నకు నేను ధైర్యంగా ఐదుకు ఒకటి వేశాను. నివేదికలో బృందం సగటు 3.5, హైదరాబాదు సగటు 4 అని రెండు వరుసలు వచ్చాయి. విశాఖ వరుసను నియమం ప్రకారం దాచారు. కానీ ఆరుగురి మొత్తం 21, హైదరాబాదు ఐదుగురి మొత్తం 20 అయినప్పుడు మిగిలిన ఒకటి ఎవరిదో తెలుసుకోవడానికి తీసివేత వస్తే చాలు. వీడియో కాల్‌లో అందరూ ఉండగానే మేనేజర్ ఆ లెక్క వేసి, "మీకు నా మీద ఒక్క మార్కు నమ్మకమే ఉందన్నమాట" అని నవ్వారు. ఎవరూ మాట్లాడలేదు. ఆ తర్వాత రెండు నెలలు క్లయింట్ కాల్స్‌కు నన్ను పిలవలేదు. అది కక్షేనని నిరూపించే కాగితం నా దగ్గర లేదు.

అందుకే ఈసారి ఫారం తెరవకముందే హెచ్‌ఆర్‌కు మెయిల్ రాశాను. ఒక వరుసను దాచినప్పుడు, తీసివేతతో అది బయటపడకుండా దాని పక్క వరుసను కూడా దాస్తారా అని అడిగాను. వ్యాఖ్యలు మేనేజర్‌కు ఉన్నవి ఉన్నట్టుగా వెళ్తాయా, ఏ లింకు ఎవరిదో ఎవరికి కనిపిస్తుంది అని కూడా అడిగాను. మనిషికో లింకు పంపారంటే అది అజ్ఞాతం కాదు, గోప్యం మాత్రమే. పేరు ఎక్కడో ఒకచోట ఉంటుంది. రెండు గుర్తుచేసే మెయిళ్ల తర్వాత గాని జవాబు రాలేదు. ఊరి వారీ విభజన తీసేస్తామని, వ్యాఖ్యలు మాత్రం యథాతథంగానే వెళ్తాయని రాశారు.

వ్యాఖ్యల దగ్గర చాలాసేపు ఆగాను. "మార్చిలో రిలీజ్ రోజు నా సెలవు రద్దు చేశారు" అని మొదట రాసి, అది చదివితే నా పేరు చదివినట్టేనని కొట్టేశాను. "ముందే మంజూరైన సెలవులు చివరి నిమిషంలో రద్దవుతున్నాయి, వారం ముందు చెబితే ప్రత్యామ్నాయం చూసుకోగలం" అని మార్చాను. ప్రతి మెయిల్‌లోనూ నేను వాడే "దయచేసి గమనించగలరు" అన్న మాటను కూడా తీసేశాను. మా సహోద్యోగి ఒకరు భయపడి అసలు పూరించనంటే, ఒకరు తగ్గినకొద్దీ మిగిలినవారికి చాటు తగ్గుతుందని చెప్పి ఒప్పించాను.

ఈరోజు నివేదిక వచ్చింది. ఊర్ల వారీగా అంకెలు ఎందుకు రాలేదని మేనేజర్ హెచ్‌ఆర్‌ను అడిగారట.