కాసు కొనబోయి బరువు లెక్క వేశాను

అమ్మాయి పెళ్లి నగలకు బంగారం కొద్దికొద్దిగా పోగెయ్యాలని తిరుపతి గాంధీ రోడ్డులో కాసులు చూస్తున్నాను. పాత నాణేలు అమ్మే ఒకాయన ఐదో జార్జి బొమ్మున్న 1918 నాటి సవరన్ అనే బ్రిటిష్ బంగారు కాసు చూపించాడు. "సార్, గుర్రం కాళ్ల కింద చిన్న 'ఐ' అక్షరం చూడండి. బొంబాయి టంకశాలది. అక్కడ ఆ ఒక్క ఏడాదే కొట్టారు" అన్నాడు. నిజమే. కానీ ఆ ఒక్క ఏడాదిలోనే 12 లక్షలకు పైగా కొట్టారన్నది ఆయన చెప్పలేదు!

తెలిసిన ఆచారి దగ్గర లెక్క వేయించాను. సవరన్ బరువు 7.98 గ్రాములు, 22 క్యారెట్లు. అందులో మేలిమి 7.32 గ్రాములే. సులువుగా ఉండటానికి మేలిమి గ్రాము 10,000 రూపాయలు అనుకుంటే, కాసులో బంగారం విలువ 73,200. అమ్మేవాడు అడిగింది 1,10,000. అదే డబ్బుకు 3 శాతం జీఎస్టీ, 2 శాతం తయారీ ఖర్చు పోయినా 24 క్యారెట్ల కాయిన్లు పది గ్రాములకు పైగా వస్తాయి. సవరన్‌ను కరిగించి నా డబ్బు నేను రాబట్టుకోవాలంటే గ్రాము 15,000 దాటాలి.

"ఐ ఉందని కరిగిస్తే బరువు పెరగదు కదన్నా" అన్నాడు ఆచారి.

ఆ పైడబ్బు తిరిగి రావాలంటే పాత నాణేలు సేకరించేవాడే దొరకాలి. వాడు కాసు స్థితి చూస్తాడు. గీత పడినా, మెరుగు పెట్టించినా ధర పడిపోతుంది. మన ఇళ్లలో కాసులపేరు కోసం కొక్కెం అతికించిన సవరన్లకు సేకర్తల దగ్గర విలువ దాదాపు ఉండదు. బరువు కావలసినవాళ్లకు అవే నయం, అతుకు టాకాకు తరుగు తీస్తారని గుర్తుంచుకుంటే చాలు.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది నకిలీ సంగతి. సరైన బరువుతో, సరైన బంగారంతోనే నకిలీ సవరన్లు పోతపోసిన వాళ్లున్నారు. క్యారెట్ మీటర్‌లో పెడితే 22 అనే చూపిస్తుంది, ఎక్కడ కొట్టారో దానికేం తెలుసు? అలాంటప్పుడు బంగారం మిగులుతుంది, అరుదు కోసం ఇచ్చిన 36,800 మాత్రం గాల్లో కలిసినట్టే.

చివరికి అమ్మేవాడినే అడిగాను: "ఇప్పుడే మీకు తిరిగిస్తే ఎంతిస్తారు?" "మార్కెట్‌ను బట్టి సార్" అన్నాడు. కాగితం మీద రాసివ్వమంటే నవ్వాడు. నేను వచ్చేశాను.

తర్వాత హాల్‌మార్క్ ఉన్న 10 గ్రాముల 24 క్యారెట్ల కాయిన్ తీసుకున్నాను. బిల్లులో బరువు, స్వచ్ఛత, ఆ రోజు రేటు, తయారీ ఖర్చు విడివిడిగా రాయించాను. తిరిగి కొనేటప్పుడు ఎంత తగ్గిస్తారో కూడా ముందే అడిగాను. ఈ షాపువాళ్లు మాత్రం తడుముకోకుండా చెప్పారు.